ఎవరి మూడు గంటలు

ఆ ఫోను మొదటిసారి మోగినప్పుడు నేను ఎడమ చేత్తో ఎత్తాను. కుడిచేతికి పెరుగన్నం అంటుకొని ఉంది.

"హలో" అన్నాను.

అవతల ఎవరూ పలకలేదు. ఒక క్షణం ఆగి నా "హలో" నాకే తిరిగొచ్చింది, కొంచెం సన్నగా, ఎవరో నన్ను వెక్కిరించినట్టు. దాని వెనక ఊపిరి. ఆ ఊపిరి వెనక ఎక్కడో బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఎవరు కావాలండీ?"

టక్కున పెట్టేశారు. కిటికీ బయట పత్తి జిన్నింగ్ మిల్లు మూడు గంటల కూత అప్పుడే సన్నగిల్లుతోంది. రాంగ్ నంబర్ అనుకొని మళ్లీ అన్నం ముందు కూర్చున్నాను. కానీ ఎందుకో తినబుద్ధి కాలేదు. నేనున్న గదిలో ఇంకెవరో కాసేపు నిలబడి వెళ్లిపోయినట్టు అనిపించింది.

ఇది ఎనభైల చివరి మాట. బెంగళూరులో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసి ఆదోనికి తిరిగొచ్చాను. మా నాయన బడిపంతులు. "పెండ్లయ్యేదాకా ఏదో ఒక పని చేసుకో" అన్నాడు. స్టేషన్ రోడ్డులో ఒక పత్తి కమీషన్ మండీ మేడమీద కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టారు. అక్కడ నేర్పించే పని నాది. ఒక మిషను, ఒక ప్రింటరు, మిషను మీద కప్పడానికి ముఖమల్ గుడ్డ. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికి రావాలి. పత్తి నూగు మాత్రం చెప్పులు విడవకుండానే వచ్చేది. సాయంత్రానికి కీబోర్డు మీద తెల్లగా పేరుకునేది.

మా ఓనరు సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఊళ్లోకి అప్పుడే నేరుగా విదేశాలకు మాట్లాడుకునే ఫోన్లు వచ్చాయి. సెంటర్లో ఒక మూల ప్లైవుడ్డూ గాజూ పెట్టి చిన్న గది కట్టించి, అందులో ఫోను పెట్టాడు. ఆదోని, ఎమ్మిగనూరు, హొళగుంద, హాలహర్వి పక్క పల్లెల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు పోయిన వాళ్లుండేవారు. ఇద్దరు ముగ్గురు లండన్‌లో కూడా. వాళ్ల ఇళ్లల్లో ఫోన్లు లేవు. "ఫలానా రోజు ఫలానా టైముకు ఆదోని నంబరుకు చేస్తా, ఆడికి వచ్చి ఉండండి" అని వాళ్లు జాబు రాసేవారు. ఇక్కడి వాళ్లు ఆ జాబు పట్టుకొని వచ్చి, ఆ టైముకు గాజుగదిని తమ పేరున రాయించుకునేవారు.

మొదట నోట్‌బుక్కులో రాసేవాళ్లం. ఒకే టైముకు ఇద్దరు వచ్చి పోట్లాడుకునేసరికి, సారు నన్ను పిలిచి "కంప్యూటర్లో పెట్టమ్మా" అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. అంతవరకు పిల్లలకు కూడికలు, తీసివేతలు చేసి చూపించడం తప్ప నిజమైన పని చేసింది లేదు. వారం రోజులు కూర్చొని ప్రోగ్రాం రాశాను. పేరు, ఊరు, అవతల దేశం, తేదీ, టైము. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక అని, మస్కట్ గంటన్నర వెనక అని, లండన్ అయిదున్నర గంటలు వెనక అని ఒక చిన్న పట్టిక కూడా దాంట్లో పెట్టాను. జాబులో ఉన్న టైము కొడితే, దాన్ని మన టైములోకి మార్చి ప్రింటరు గరగరమని ఒక చీటీ ఇచ్చేది. ఆ చీటీ పట్టుకొని ఆ టైముకు వస్తే చాలు.

కౌంటరులో ఒక అమ్మాయి ఉండేది, నాకంటే నాలుగేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఆ అమ్మాయి లేనప్పుడు సారే కూర్చునేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ అమ్మాయి ఇంటికి పోయి నాలుగింటికి వచ్చేది. ఆ మూడు గంటలూ సారు కూడా అన్నానికి ఇంటికి పోయేవాడు, మేడమీద నేను ఒక్కదాన్నే. పదకొండు నుంచి రెండు దాకా కరెంటు కోత. రెండింటికి ఫ్యాను కదలగానే లేచి మిషను వెలిగించేదాన్ని.

రెండో శుక్రవారం కూడా మూడు గంటలకు ఫోను మోగింది. కూత మొదలైంది, ఫోను మోగింది. రెండూ కలిసి ఒకే జంతువు అరిచినట్టు వినిపించింది. ఎత్తి "హలో" అన్నాను. నా గొంతు ఒక క్షణం ఆలస్యంగా నా దగ్గరికి తిరిగొచ్చింది. మళ్లీ ఆ ఊపిరి. ఈసారి నీళ్ల చప్పుడు లేదు. ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని వింటున్నట్టు ఉంది.

"తెలుగేనా? మాట్లాడండి. ఎవరి కోసం?"

పెట్టేశారు.

మూడో శుక్రవారం నేను ముందే ఫోను దగ్గర నిలబడ్డాను. గుండె కొట్టుకుంటుంటే నాకే నవ్వొచ్చింది, పట్టపగలు ఏమిటీ భయం అని. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మనిషి లేడు, ఎండకు డాంబరు మెరుస్తోంది. కూత. ఫోను. ఎత్తి ఏమీ మాట్లాడకుండా చెవికి ఆనించుకున్నాను. అవతల కూడా ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ ఎంతసేపున్నామో తెలీదు. చివరికి నేనే ఆగలేక "ఎవరమ్మా?" అన్నాను. అమ్మా అని ఎందుకన్నానో నాకు తెలీదు. ఆ ఊపిరి ఒక్కసారి లోపలికి పీల్చుకున్నట్టు ఆగిపోయింది. ఆ తర్వాత లైను పోయిన చప్పుడు.

ఎవరూ పలకని ఫోను వచ్చినప్పుడల్లా మెనూలో ఒక అంకె నొక్కితే ఆ క్షణం తేదీ, టైము ఒక ఫైల్లో పడేటట్టు ప్రోగ్రాం రాసినప్పుడే పెట్టాను. ఆ రోజు ఆ ఫైలు తెరిచి చూశాను, ఈ ఫోన్లు నిజంగా వచ్చాయా అని నన్ను నేను నమ్మించుకోవడానికి. మూడు వరసలు ఉన్నాయి. మూడింటిలో తేదీ ఒకటే. 1980 జనవరి ఒకటి. టైము కూడా దాదాపు ఒకటే. అర్ధరాత్రి దాటి యాభై ఆరు నిముషాలు, యాభై ఏడు, మళ్లీ యాభై ఆరు.

మూడు వారాలు మోగిన ఫోను, మిషను లెక్కలో ఒకే రోజు, ఒకే ఘడియలో, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల కిందట మోగింది.

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా మిషన్లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోతే దానికి తెలిసిన కాలమంతా పోయేది. మళ్లీ వెలిగిస్తే 1980 జనవరి ఒకటి, సున్నా గంటల నుంచి మొదలుపెట్టేది. మామూలుగా అయితే వెలగగానే ఈ రోజు తేదీ ఎంత, టైము ఎంత అని అడుగుతుంది. పిల్లలు విసుక్కుంటున్నారని ఆ ప్రశ్నలు రాకుండా నేనే చేసిపెట్టాను. రెండు దాటి నాలుగు నిముషాలకు మిషను వెలుగుతుంది, మూడింటికి ఫోను మోగుతుంది. అంతే. కారణం తెలిసినా ఆ మూడు వరసల వైపు చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తూనే ఉంది.

అదే రోజు సాయంత్రం అయిదుంపావుకు ఎమ్మిగనూరు బస్సు దిగి ఒకాయన వచ్చాడు. అంతకుముందు రెండు శుక్రవారాలు కూడా ఆయన్ని చూశాను. ముప్పై అయిదేళ్లుంటాయేమో, సన్నగా, నల్లగా. ఎమ్మిగనూరు పక్క పల్లెలో కూలిపని. తెల్ల చొక్కా, మెడలో చిన్న సిలువ. వచ్చి గాజుగది ముందు బెంచీ మీద కూర్చునేవాడు. అయిదున్నరకు గదిలోకి పోయి ఫోను వైపు చూస్తూ నిలబడేవాడు. అది మోగేది కాదు. తన టైము అయిపోయినాక బయటికి వచ్చి బెంచీ మీద ఇంకో గంట కూర్చొని, ఏమీ అనకుండా ఆఖరి బస్సుకు పోయేవాడు.

ఆ రోజు పోలేదు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడం, మీ మిషను ఒగసారి సూడు. నా పేరు దాంట్లో ఉందా?"

"ఉందన్నా. శుక్రవారం అయిదున్నర. ప్రతి శుక్రవారం."

"మరి ఎందుకు రాల్యా?"

"అవతల నుంచి వాళ్లు చెయ్యాల కదా. ఎవరు చేసేది?"

"మా ఇంటామె. కువైట్‌లో ఒగ ఇంట్లో పని." గొంతు తగ్గించాడు. "మూడు వారాలాయ. ప్రతి శుక్రవారం చేస్తా అని రాయించింది. మాట తప్పే మనిషి గాదు. కోడుమూరు కాడ ఒగామె పోయినేడు ఆడి నుంచి పెట్టెలో వచ్చింది. ఇంటోళ్లకు ఆ పెట్టె వచ్చేదాకా తెలీదు."

నేను ఆయన్ని ఊరడిద్దామనుకున్నాను. దానికి బదులు నోటికొచ్చింది అనేశాను.

"మధ్యాహ్నం మూడింటికి ఒక ఫోను వస్తుందన్నా. శుక్రవారమే. ఎత్తితే ఎవరూ మాట్లాడరు."

ఆయన ముఖం మారిపోయింది. కౌంటరులో అమ్మాయి చేతిలో పెన్ను ఆగింది.

"మాట్లాడరా?"

"ఊపిరి మాత్రం వినపడుతుంది."

ఆయన వెనక్కి జరిగి బెంచీ మీద కూర్చున్నాడు. సిలువను వేళ్లతో పట్టుకున్నాడు. "మూడు గంటలు" అన్నాడు. "ఏసయ్య పానం ఇడిసిన గంట. పోయింది మేడం. మా ఇంటామె పోయింది. పోయినోళ్లకు నోరు రాదు. అందుకే మాట్లాడల్యా."

మేం ముగ్గురం ఫోను వైపు చూశాం. గాజు వెనక నల్లగా, నిమ్మళంగా కూర్చొని ఉంది. ఆ క్షణంలో అది మోగి ఉంటే నేను మెట్లు దిగి పారిపోయేదాన్నే.

ఏదో ఒకటి అడగాలని "జాబు ఉందా అన్నా?" అని అడిగాను.

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆమెకు చదువు రాదు. ఎవరో తెలుగు డ్రైవరు రాసిపెట్టాడు. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయినా చదవగలిగాను.

"శుక్రవారం పన్నెండున్నరకు ఈ ఇంటోళ్లు అందరూ నమాజుకు పోయి, అట్లే పెద్దాయన ఇంటికి అన్నానికి పోతారు. ఆ అర్ధగంటే నాది. ఫోను ముట్టుకున్నట్టు తెలిస్తే పంపించేస్తారు. నువ్వే ఎత్తు. ఇంకెవరన్నా ఎత్తితే మాట్లాడను, పెట్టేస్తా."

పన్నెండున్నర.

చీటీలో అయిదున్నర. ఫోను మోగేది మూడింటికి. ఒకే ఫోనుకు మూడు టైములు. కువైట్‌లో పన్నెండున్నర అంటే మనకు మూడు గంటలు. నేను ఎత్తి "ఎవరమ్మా" అన్నది ఆమెనే.

మిషను ముందు కూర్చొని ఆయన వరస తెరిచాను. దేశం: కువైట్. టైము: 15:00.

"ఇది ఎవరు కొట్టారు?" అని కౌంటరమ్మాయిని అడిగాను.

"నేనే అక్కా. జాబులో పన్నెండున్నర అని ఉండె. అది ఆడి టైము కదా, మనకు మూడు అయితాది అని నేనే లెక్కేసి మూడు కొట్టినా."

నా ప్రోగ్రాం ఆ మూడు గంటల్ని కువైట్ మూడు గంటలు అనుకుంది. దానికి ఇంకో రెండున్నర కలిపి అయిదున్నర అని చీటీ కొట్టింది. సారు కూర్చున్నప్పుడు జాబులో ఉన్నది ఉన్నట్టు కొట్టేవాడు. వాళ్ల చీటీలు సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. కొన్ని ఫోన్లు వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. ఫోను రానివాళ్లు అవతలి వాళ్లకు కుదరలేదేమోలే అనుకొని పోయేవారు.

"చీటీలో అయిదున్నర అని పడింది కదా, చూడలేదా?"

"కంప్యూటర్ కదా అక్కా, దానికి తెలీదా అనుకున్యా." ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తప్పు ఆ అమ్మాయిది కాదు. నేను పెట్టిన గడి పేరు ఉత్త 'టైము'. ఎవరి టైమో దానికి తెలీదు, అడగనూ లేదు.

ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పాను. ఆడ మధ్యాహ్నం పన్నెండున్నర అయినప్పుడు ఈడ మూడు. ఆమె సరైన టైముకే చేసింది. మేము నిన్ను తప్పు టైముకు రమ్మన్నాం. ఫోను నేను ఎత్తినాను కాబట్టి మాట్లాడకుండా పెట్టేసింది.

ఆయన అంతా విన్నాడు. నమ్మినట్టు లేదు. "అయితే బతికే ఉందంటావా?"

"వచ్చే శుక్రవారం రెండింటికే రా అన్నా. నువ్వే ఎత్తుదువు."

ఆ తర్వాతి శుక్రవారం ఒంటిగంటకే వచ్చాడు. గాజుగదిలో స్టూలు వేసి కూర్చోబెట్టాను. కరెంటు లేదు, లోపల ఉక్క. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడు గంటలకు కూత మొదలైంది. ఆయన లేచి నిలబడ్డాడు. కూత పెరిగి, తగ్గి, ఆగిపోయింది. ఫోను మోగలేదు.

మూడుంపావు. మూడున్నర. నేను రిసీవర్ ఎత్తి చూశాను, లైను బాగానే ఉంది. నాలుగు దాటాక ఆయన బయటికి వచ్చి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉంది.

"సూసినావా మేడం" అన్నాడు. "మూడు వారాలు పిలిసింది. నేను రాల్యా. ఇంగ పిలవదు."

ఆ రాత్రి ఇంట్లో పడుకొని ఆలోచిస్తే గానీ నా బుర్రకు తట్టలేదు. మొగుడే ఎత్తాల్సిన ఫోను. ఆయన ఉండాల్సిన టైము. మూడు వారాలు వరసగా ఒక ఆడదాని గొంతు పలికింది. "ఎవరమ్మా?" అని అడిగింది కూడా. అవతల నిలబడ్డ మనిషి ఏమనుకుని ఉంటుంది?

ఆమె నంబరు ఎవరి దగ్గరా లేదు, ఉన్నా చెయ్యకూడదు. ఆదోనిలో ఒక డ్రైవరు సెలవు మీద వచ్చి ఉన్నాడు, పదిరోజుల్లో కువైట్ పోతాడని తెలిసింది. అక్కడ జాబు రాసిపెట్టిన డ్రైవరు ఉండే వీధి ఈ డ్రైవరుకు తెలుసట. ఎమ్మిగనూరు ఆయన్ని పిలిపించి జాబు రాయించాను. ఆ జాబులో ఒక చీటీ పెట్టాను. దాంట్లో "కువైట్ గడియారంలో శుక్రవారం మధ్యాహ్నం 12:30. ఆదోని గడియారంలో అదే శుక్రవారం 3:00" అని ఉంది. కింద నా చేత్తో ఇంకో ముక్క రాశాను. "ఇంతవరకు ఫోను ఎత్తింది సెంటర్లో పనిచేసే ఆడపిల్ల. మీ ఆయన ఆ టైముకు ఇక్కడ లేడు. తప్పు మాది."

ఆ పదిరోజులూ, ఆ తర్వాతా ప్రోగ్రాం మొత్తం తిరగరాశాను. టైము కొట్టగానే "ఇది ఏ ఊరి గడియారం?" అని అడిగేటట్టు చేశాను. సమాధానం చెప్పకపోతే ముందుకు పోదు. కొట్టిన టైమును ఆ ఊరి పేరుతో సహా ఉన్నది ఉన్నట్టు దాచేది. దాని పక్కనే జీఎంటీ, అంటే అన్ని దేశాల గడియారాలూ కొలుచుకునే ఒకే టైము, లెక్కకట్టి పెట్టుకునేది. ఒకే టైముకు ఇద్దరు పడ్డారేమో చూడాలంటే జీఎంటీలు పోల్చేది. మార్చడమన్నది చీటీ కొట్టేటప్పుడు ఒక్కసారే, చీటీ ఎవరు చదువుతారో వాళ్ల గడియారానికి. తేదీ కూడా జరిగేటట్టు చూశాను. కువైట్‌లో రాత్రి పదిన్నర అంటే మనకు ఒంటిగంట, మరుసటి రోజు. పాత ప్రోగ్రాం గంటను మార్చేది, రోజును మార్చేది కాదు.

అంతా అయిపోయిందనుకున్నాను. మార్చి ఆఖర్లో లండన్‌లో నర్సుగా ఉన్న ఒకామె అన్న వచ్చి "మా చెల్లెలు గంట ముందే చేసిందంట, నేను లేను" అన్నాడు. అక్కడ ఎండాకాలానికి గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారని అప్పుడే తెలిసింది నాకు. ఆమె తన గడియారంలో ఎప్పటిలాగే రెండింటికే చేసింది. చలికాలంలో అది మనకు ఏడున్నర, ఇప్పుడు ఆరున్నర. ఆమె చెప్పిన రెండు గంటల్ని లండన్ పేరుతోనే దాచిపెట్టి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత తేడా అని పట్టిక మార్చి, రాబోయే బుకింగుల జీఎంటీలన్నీ మళ్లీ లెక్కకట్టించాను. అయిపోయిన ఫోన్లవి మాత్రం ముట్టుకోలేదు. అవి ఏ క్షణంలో జరిగాయో అది మారదు.

మిషను వెలిగించగానే తేదీ, టైము అడిగే ప్రశ్నలు మళ్లీ తెచ్చిపెట్టాను. షార్ట్‌వేవ్ రేడియోలో వార్తల ముందు వచ్చే పిప్ పిప్‌లకు నా వాచీ సరిచేసుకొని, దాన్ని చూసి కొట్టేదాన్ని.

ఎమ్మిగనూరు ఆయన ప్రతి శుక్రవారం వస్తూనే ఉన్నాడు. ఆశతో కాదు. సమాధి దగ్గరికి పోయినట్టు వచ్చేవాడు. మూడింటికి గాజు గదిలో నిలబడి, కూత ఆగినాక తల వంచి ఏదో గొణుక్కొని బయటికి వచ్చేవాడు. నేను కూడా ఆ కూత వినపడితే మాట్లాడడం ఆపేసేదాన్ని. ఆ నిశ్శబ్దం ఫోను మోగినప్పటికంటే భయంగా ఉండేది. ఒకసారి కౌంటరమ్మాయి నా చెవిలో "అక్కా, ఒగవేళ నిజంగానే…" అని ఆగిపోయింది. నేను కసిరాను. నాక్కూడా అదే ఆలోచన ఉంది కాబట్టే కసిరాను.

ఎండలు ముదిరాయి. ఒక శుక్రవారం కూత ఇంకా పూర్తిగా లేవకముందే ఫోను మోగింది.

గాజుగదిలో ఆయన ఉన్నాడు. చెయ్యి రిసీవర్ మీద పెట్టాడు. ఎత్తలేదు.

రెండోసారి మోగింది. మూడోసారి. గాజులోంచి ఆయన ముఖం కనపడుతోంది. పెదాలు తెల్లబడ్డాయి. అవతల ఉన్నది మనిషి కాదని ఇన్ని వారాలు నమ్మినవాడు, ఇప్పుడు ఎత్తితే ఏం వినాల్సొస్తుందో అని బిగుసుకుపోయాడు.

నేను తలుపు దాకా పోయి ఆగిపోయాను. నేను ఎత్తడానికి లేదు. నా గొంతు మళ్లీ ఒక్కసారి వినపడితే ఆమె ఇక జన్మలో చెయ్యదు. నాలుగోసారి మోగింది. గాజు మీద అరచేత్తో కొట్టాను. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. నోరు మాత్రం కదిలించాను, శబ్దం రాకుండా: ఎత్తన్నా.

ఆయన ఎత్తాడు.

చెవికి పెట్టుకున్నాడు. తర్వాత "ఎవురు?" అన్నాడు. వెంటనే కళ్లు పెద్దవి చేశాడు. తన "ఎవురు?" తనకే తిరిగొచ్చి ఉంటుంది, ఉపగ్రహం దాకా పోయొచ్చే లైను కదా. ఫోను కిందపడేస్తాడేమో అనుకున్నాను. పడెయ్యలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేనే" అన్నాడు. "నేనే మే. ఈడనే ఉన్నా."

నేను అక్కణ్నుంచి జరిగి వచ్చి కౌంటరు వెనక కూర్చున్నాను. లోపల ఆయన ఒక్కో మాట అంటూ, నిదానంగా మొదలుపెట్టి, తర్వాత గడగడా మాట్లాడుతున్నాడు. సెనక్కాయ ఎంత పండిందో, మేక ఈనిందో లేదో, చర్చి గోడ ఎంతవరకు లేచిందో. పదినిముషాలు కూడా కాకముందే ఆగిపోయాడు. ఎవరో వస్తున్నట్టుందని ఆమె పెట్టేసిందట.

బయటికి వచ్చి కుండలో నీళ్లు ముంచుకొని ముఖం మీద చల్లుకున్నాడు.

"ఏమనింది అన్నా?"

"మొట్టమొదట ఏమడిగిందో తెల్సునా? ఆయమ్మెవురు అనింది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నేను ఇంగొగర్ని సేసుకున్యానని అనుకునిందంట. ఇంగ ఫోనే సెయ్యగూడదు అనుకునిందంట. మీ చీటీ అందినాక గూడా రెండు వారాలు నమ్మల్యా. డ్రైవరన్న ఒట్టేసి సెప్పినాడంట."

"వస్తానందా?"

"పాస్‌పోర్టు వాళ్ల కాడ ఉందంట. ఇంగో ఏడాది ఆగాల." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆమె మాట్లాడతాంటే యాడో బావిలో నుంచి వచ్చినట్లుంది మేడం. ఆమేనా కాదా అని మళ్లీ మళ్లీ పేరు అడిగినా."

అప్పటి నుంచి శుక్రవారాలు ఫోను వచ్చేది. కొన్నిసార్లు వచ్చేది కాదు. రానప్పుడు ఆయన భయపడేవాడు కాదు, వచ్చేవారం చూద్దామని పోయేవాడు. మరుసటి ఏడాది నాకు కర్నూలులో ఉద్యోగం వచ్చి ఆ సెంటర్ వదిలిపెట్టాను. పోయే ముందు ఆ పాత ఫైల్లో 1980 జనవరి ఒకటి వరసల్ని తుడిచెయ్యాలనుకున్నాను. వాటి అసలు తేదీలు నాకు తెలుసు, దిద్దొచ్చు కూడా. రెండుసార్లు కూర్చొని కూడా చెయ్యలేకపోయాను. ఆ ఫైలు ఆ మిషన్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత చాన్నాళ్లకు ఒక ఆదివారం ఎమ్మిగనూరు సంతలో మా చిన్నమ్మతో మిరపకాయలు ఏరుతుంటే ఎవరో "మేడం" అని పిలిచారు. ఆయనే. జుట్టు అక్కడక్కడ నెరిసింది. పక్కన ఒక ఆడమనిషి, నీలం చీర, చేతిలో పెద్ద సంచి. వచ్చి ఆరునెలలయిందని చెప్పాడు. "ఫోను ఎత్తినేది ఈయమ్మే" అని ఆమెతో అన్నాడు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నమస్కారం పెట్టలేదు, నవ్వలేదు. ఏదో ఒకటి అనాలని "బాగున్నారా?" అన్నాను. నా గొంతు విని ఆమె తల ఒక పక్కకు వంచింది, చాలా దూరం నుంచి వస్తున్నదాన్ని పట్టుకుంటున్నట్టు. నాకు ఆ సంతంతా ఒక్క క్షణం సద్దుమణిగినట్టు అనిపించింది.

"ఎండలో నిలబడినావే" అంది చివరికి. అని, తాను పక్కకు జరిగి, మిరపకాయల అంగడి గుడారం గుడ్డ నీడలో నాకు చోటిచ్చింది.